"ఏటి" అన్నందుకు

తెలుగులో ఆటపట్టించడం అని ఒక మాట ఉంది, ఏడిపించడం అని ఇంకో మాట ఉంది. రెండూ దగ్గరగానే కనిపిస్తాయి. ఆటపట్టించడంలో చివరికి ఇద్దరూ నవ్వుతారు. ఈరోజు నువ్వు నన్ను అంటే రేపు నేను నిన్ను అంటాను, లెక్క సరిపోతుంది. ఏడిపించడంలో ఒక్కళ్ళే నవ్వుతారు. రెండో వాళ్ళకి ఏం జరుగుతుందో ఆ మాటలోనే ఉంది.

బడిలో పిల్లల మధ్య జరిగే దాన్ని చూసి పెద్దవాళ్ళు "పిల్లలన్నాక అలాగే ఉంటారు" అనేస్తారు. ఈ రెండు మాటలకీ మధ్య గీత ఎక్కడుందో చూడకపోవడం వల్లే అలా అంటారు. ఆ గీతని శాస్త్రీయంగా గీసింది డాన్ ఓల్వేయస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. 1970ల నుంచి నార్వే, స్వీడన్ బడుల్లో ఆయన ఇదే పని మీద ఉన్నారు. ఆయన చెప్పిన గుర్తులు మూడు: బాధపెట్టాలనే చెయ్యడం, మళ్ళీ మళ్ళీ చెయ్యడం, ఇద్దరి మధ్య బలం సమానంగా లేకపోవడం. బలం అంటే కండబలమే కానక్కర్లేదు. అటువైపు ఆరుగురు, ఇటువైపు ఒక్కడు ఉన్నా అది బలంలో తేడానే. వాళ్ళు ఎల్‌కేజీ నుంచి ఆ బడిలోనే ఉండి, వీడు నిన్న చేరినా అంతే.

ఈ మూడో గుర్తుని గుర్తుపెట్టుకోండి. ఇంట్లోవాళ్ళు ఇచ్చే సలహాలు చాలావరకు తప్పేది ఇక్కడే.

మా చిన్నోడి సంగతి

మా పిన్ని కొడుకుని ఇంట్లో అందరం చిన్నోడు అంటాం. ఇక్కడా అదే పేరుతో చెబుతాను. వాళ్ళది పలాస దగ్గర ఊరు. బాబాయికి హైదరాబాదులో ఉద్యోగం రావడంతో కిందటేడు జూన్‌లో కాపురం మార్చారు. చిన్నోడిని ఒక సీబీఎస్‌ఈ బడిలో ఆరో తరగతిలో చేర్పించారు. వాడు లెక్కల్లో చురుకు, మాటల్లో ఇంకా చురుకు. ఊళ్ళో ఉన్నప్పుడు అమ్మమ్మకి రోజంతా కబుర్లు చెప్పేది వాడే.

చేరిన వారంలోనే టీచర్ పేరు పెట్టి పిలిస్తే "ఏటి టీచర్?" అన్నాడట. క్లాసంతా నవ్వింది. మా శ్రీకాకుళం వైపు "ఏంటి" అని అనం, "ఏటి" అంటాం. అది మాకు ఊపిరి పీల్చినంత మామూలు. ఆ రోజు నవ్వినవాళ్ళలో ఎక్కువమందికి చెడు ఉద్దేశం ఏమీ లేదు, కొత్త మాట విని నవ్వారు. అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం రాసే అవసరం ఉండేది కాదు. కానీ బస్సులో నలుగురైదుగురు దాన్ని పేరుగా పెట్టేశారు. "ఏయ్ ఏటి, జరుగు." "ఏటి గాడు వచ్చాడ్రోయ్." వాడు ఏం మాట్లాడినా దాన్ని సాగదీసి తిరిగి అనేవాళ్ళు. జూలై చివరికల్లా క్లాసులో సగం మందికి వాడి అసలు పేరు నోట్లోంచి రావడం మానేసింది.

ఆ గుంపులో అందరూ హైదరాబాదు వాళ్ళేం కాదు. ఒకడిది గుంటూరు వైపు, ఒకడిది నిజామాబాదు. ఇది ఒక ప్రాంతం వాళ్ళు ఇంకో ప్రాంతం వాళ్ళని అనడం కాదని చెప్పడానికే ఈ సంగతి రాస్తున్నాను. తెలంగాణ మాటని మన సినిమాలు ఏళ్ల తరబడి రౌడీలకీ కమెడియన్లకీ అంటగట్టాయి. ఉత్తరాంధ్ర మాటకీ అదే గతి పట్టింది. పిల్లలు పెద్దల దగ్గరే నేర్చుకుంటారు, ఏ యాసని చూసి నవ్వచ్చు అన్నది కూడా.

బయటికి కనిపించేది, కనిపించనిది

ఇంట్లో ముందుగా కనిపించింది కడుపునొప్పి. సోమవారం పొద్దున్న వచ్చేది, బస్సు వెళ్ళిపోయాక తగ్గేది. ఆదివారం ఉండేది కాదు. పిన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది, అది సరైన పనే. నిజంగా జబ్బు ఉందేమో ముందు చూడాలి. పరీక్షల్లో ఏమీ లేదని తేలింది. ఇలాంటప్పుడు "నాటకాలాడుతున్నావా" అనడం చాలా ఇళ్ళల్లో జరుగుతుంది. కానీ అది నాటకం కాదు. భయంలో ఉన్న ఒంటికి పేగులు బిగుసుకుంటాయి, ఆకలి చస్తుంది, నొప్పి నిజంగానే వస్తుంది. సెమిస్టర్ పరీక్ష పొద్దున్న మనలో ఎంతమంది టిఫిన్ తినలేరో తలుచుకుంటే చాలు. మనకి అది ఏడాదికి నాలుగు వారాలు. వాడికి వారానికి అయిదు రోజులు.

తర్వాత లంచ్ బాక్సు నిండుగా తిరిగి రావడం మొదలైంది. తర్వాత పెన్నులు, స్కేళ్ళు పోతున్నాయి. ఆ తర్వాత వాడు ఇంట్లో కూడా మాటలు తగ్గించేశాడు. ఆగస్టులో పేరెంట్స్ మీటింగ్ ముందు రోజు రాత్రి పిన్నితో అన్న మాట మాత్రం ఆవిడ మర్చిపోలేదు. "అమ్మా, నువ్వు రాకు. నాన్నని రమ్మను. నువ్వొస్తే నువ్వు కూడా అలాగే మాట్లాడతావు కదా."

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. వెక్కిరింపు మొదలైనప్పుడు పిల్లాడి తలలో ఉండే ఆలోచన "వాళ్ళు చెడ్డవాళ్ళు" అని. వారాలు గడిచేకొద్దీ అది "నాలోనే ఏదో తేడా ఉంది" అని మారుతుంది. తనని తాను తప్పుపట్టుకోవడంలో రెండు రకాలున్నాయని మనస్తత్వ శాస్త్రం చెబుతుంది. "నేను ఆ సీట్లో కూర్చోకుండా ఉండాల్సింది" అనుకోవడం ఒక రకం. అది చేసిన పని గురించి, రేపు మార్చుకోవచ్చు. "నేను ఇలాంటివాణ్ణి కాబట్టే నాకిలా జరుగుతోంది" అనుకోవడం రెండో రకం. అది మనిషి గురించి, మార్చుకోవడానికి ఏమీ మిగలదు. పిల్లల్లో దిగులు, ఒంటరితనం ఎక్కువగా ముడిపడేది ఈ రెండో దానితోనే. చిన్నోడి విషయంలో ఆ "ఇలాంటివాణ్ణి" వాడి దగ్గర ఆగలేదు, వాళ్ళమ్మ గొంతు దాకా వెళ్ళిపోయింది.

కొట్టలేదు కదా, ఊరికే మాటలే కదా అనేవాళ్ళకి ఒక ప్రయోగం గురించి చెప్పాలి. 2003లో అమెరికాలో నవోమీ ఐసెన్‌బర్గర్, ఆమె సహచరులు కొంతమందిని ఎఫ్‌ఎంఆర్‌ఐ స్కానర్‌లో పడుకోబెట్టి ఒక చిన్న కంప్యూటర్ ఆట ఆడించారు. ముగ్గురు ఒకరికొకరు బంతి విసురుకోవడమే ఆట. కాసేపయ్యాక మిగతా ఇద్దరూ వాళ్ళలో వాళ్ళే విసురుకుంటారు, వీళ్ళకి వెయ్యరు. ఆ ఇద్దరూ మనుషులు కూడా కాదు, ప్రోగ్రామ్. అయినా ఆ సమయంలో, ఒంటికి దెబ్బ తగిలినప్పటి బాధతో సంబంధం ఉన్న మెదడు భాగం చురుకైంది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు కొన్ని నిమిషాలు బంతి వెయ్యకపోతేనే అలా ఉంటే, రోజూ బస్సులో పక్కన కూర్చునేవాళ్ళు చేసేది ఎలా ఉంటుందో ఊహించండి.

ఇంట్లో ఇచ్చిన మూడు సలహాలు

విషయం సగం సగం బయటపడగానే ఇంట్లో మూడు సలహాలు వచ్చాయి. మూడూ ప్రేమతో వచ్చినవే.

బాబాయి: "నువ్వూ రెండు అంటించు. మళ్ళీ నీ జోలికి రారు." ఇది సమానమైన ఇద్దరి మధ్య గొడవకి పనికొస్తుందేమో. అయిదుగురి ముందు ఒక్కడు చెయ్యెత్తితే దెబ్బలు తినేది వీడే, టీచరు దగ్గర తప్పు పడేదీ వీడి మీదే. పైగా తిరిగి కొట్టలేకపోతే "నాన్న చెప్పింది కూడా చెయ్యలేకపోయాను" అన్న బరువు కొత్తగా చేరుతుంది.

అమ్మమ్మ ఫోన్‌లో: "ఊరుకో బాబూ, పట్టించుకోకు." ఒక్కసారి అన్నదాన్ని పట్టించుకోకపోవచ్చు. రోజూ నలభై నిమిషాల బస్సు ప్రయాణాన్ని పట్టించుకోకుండా ఉండటం ఎవరి తరం? ఈ సలహాలో పిల్లాడికి వినపడేది ఒకటే: ఇంక ఈ విషయం ఇంట్లో చెప్పకు.

మూడోది పిన్నిది. ఇది పైకి చాలా తెలివైన పనిలా కనిపిస్తుంది. ఇంట్లో వాడి మాట దిద్దడం మొదలుపెట్టింది. "ఏటి కాదురా, ఏంటి అను. ఎల్తన్నాను కాదు, వెళ్తున్నాను." నాలుగు రోజుల్లో వాడు ఇంట్లో కూడా నోరు తెరవడం మానేశాడు. ఎందుకంటే ఆ దిద్దుబాటు వాడికి చెప్పింది ఇది: వాళ్ళు అంటున్నది నిజమే, తప్పు నీ నోట్లోనే ఉంది. ఏ కారణం చూపించి ఏడిపిస్తున్నారో ఆ కారణాన్ని సరిచెయ్యడానికి పూనుకుంటే, ఏడిపించేవాళ్ళ వాదన మనం ఒప్పుకున్నట్టే. లావుగా ఉన్నావంటే డైటింగ్ పెట్టించడం, నల్లగా ఉన్నావంటే క్రీము కొనివ్వడం, నత్తి అంటే నలుగురిలో మాట్లాడొద్దనడం, అన్నీ ఈ కోవలోవే. యాస మార్చుకోవాలా వద్దా అన్నది వాడి ఇష్టం. కానీ అది భయం తగ్గాక తీసుకోవాల్సిన నిర్ణయం, భయం పోగొట్టే మందు కాదు.

చెప్పించడం, వినడం

"స్కూల్లో ఎవరైనా ఏమైనా అంటున్నారా?" అని అడిగితే వచ్చే జవాబు "లేదు". దాదాపు ప్రతి పిల్లాడూ ఇదే చెబుతాడు. చెబితే అమ్మ ఏడుస్తుంది, నాన్న బడికొచ్చి గొడవ చేస్తాడు, రేపు బస్సులో ఇంకా ఎక్కువవుతుంది. ఈ లెక్క వాడికి బాగా తెలుసు.

పిన్నికి పనిచేసింది చిన్న చిన్న ప్రశ్నలు. ఈరోజు లంచ్‌లో ఎవరి పక్కన కూర్చున్నావు? బస్సులో ఏ సీటు దొరికింది? పీఈటీ పీరియడ్‌లో ఏ టీమ్‌లో వేశారు? వీటికి "లేదు" అని జవాబు చెప్పలేం. అవి కూడా ఎదురుగా కూర్చోబెట్టి, కళ్ళలోకి చూస్తూ అడిగినవి కాదు. స్కూటీ మీద వెనక కూర్చున్నప్పుడు, బఠానీలు ఒలుస్తున్నప్పుడు అడిగినవి. మొహం చూడక్కర్లేని చోట పిల్లలకి మాట తేలిగ్గా వస్తుంది. మూడో రోజు స్కూటీ మీదే మొత్తం చెప్పేశాడట.

చెప్పిన వెంటనే పెద్దవాళ్ళు అనే మొదటి నాలుగు మాటలు చాలా లెక్కలోకి వస్తాయి. పిన్ని అన్నది ఇది: "చెప్పావు, మంచి పని చేశావు. నీ తప్పేమీ లేదు. ఇది ఆపాల్సింది పెద్దవాళ్ళం మేము. నీతో చెప్పకుండా మాత్రం నేను ఏమీ చెయ్యను." ఈ చివరి వాక్యమే అన్నిటికన్నా విలువైనది. ఏడిపించడం పిల్లాడి దగ్గర్నుంచి ముందుగా లాక్కునేది "నా చేతిలో ఏదో ఉంది" అన్న భావాన్ని. వాడికి తెలియకుండా బడికి వెళ్ళి అరిచి వస్తే, ఆ మిగిలిన కాస్తా మనమే లాక్కున్నట్టు అవుతుంది.

ముందు ఆపాలి, తర్వాతే ధైర్యం

రోజూ దెబ్బ తగులుతున్న చోట మందు రాస్తే ప్రయోజనం లేదు. అందుకే ధైర్యం సంగతి తర్వాత, ముందు జరుగుతున్నది ఆగాలి.

పిన్ని ఒక పాత నోట్‌బుక్‌లో గీతలు కొట్టి రాయడం మొదలుపెట్టింది: తేదీ, చోటు, ఏమన్నారు, ఎవరు, ఎవరు చూశారు. రెండు వారాల్లో పదకొండు సంఘటనలు తేలాయి. వాటిలో ఏడు బస్సులో, మూడు లంచ్ టైములో, ఒక్కటే క్లాసులో జరిగింది. అప్పటిదాకా క్లాస్ టీచర్ "నా క్లాసులో అలాంటిదేమీ లేదండీ" అంటుంటే పిన్నికి ఒళ్ళు మండేది. నోట్‌బుక్ చూశాక అర్థమైంది, ఆవిడ అబద్ధం చెప్పట్లేదు. ఏడిపించడం పెద్దవాళ్ళ కళ్ళు లేని చోటే జరుగుతుంది.

దాంతో బడిలో అడగాల్సిందేమిటో కూడా తేలిపోయింది. "మావాణ్ణి అంటున్నారు, వాళ్ళకి బుద్ధి చెప్పండి" అంటే టీచరు ఆ పిల్లల్ని పిలిచి నాలుగు తిడతారు, సాయంత్రం బస్సులో దానికి బదులు తీరుతుంది. బదులుగా పిన్ని, బాబాయి ఒక పేజీ ఉత్తరం రాసి తీసుకెళ్ళారు. అందులో అడిగినవి మూడే. చిన్నోడికి బస్సులో ముందు వరుసలో, ఆయా పక్కన సీటు ఇవ్వాలి. లంచ్ టైములో ఆ వరండాలో ఒక టీచరు ఉండాలి. రెండు వారాల తర్వాత ఫలానా తేదీన మళ్ళీ కలవాలి. మూడోది లేకపోతే మొదటి రెండూ వారంలో నీరుగారిపోతాయి. ఏడిపించడాన్ని అరికట్టడానికి బడుల్లో కమిటీ ఉండాలని సీబీఎస్‌ఈ 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. కాబట్టి ఉత్తరంలో ఆ మాట మర్యాదగా గుర్తుచెయ్యడంలో తప్పులేదు.

ఒకదానికి మాత్రం ఒప్పుకోలేదు. ఇద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి, సారీ చెప్పించి, షేక్‌హ్యాండ్ ఇప్పిద్దామని టీచరు అన్నారు. గొడవపడ్డ ఇద్దరు స్నేహితులకి అది బాగుంటుంది. బలం సమానంగా లేని చోట మాత్రం అది భయపడ్డవాణ్ణి భయపెట్టినవాడి ఎదుట నిలబెట్టడమే. అలాగే ఆ పిల్లల ఇళ్ళకి నేరుగా ఫోన్ చెయ్యడం కూడా మానుకున్నారు. ఏ తల్లిదండ్రులైనా ముందు తమ పిల్లాణ్ణి వెనకేసుకొస్తారు, విషయం పెద్దల పంతంగా మారిపోతుంది.

చూస్తూ నిలబడ్డవాళ్ళ సంగతి కూడా ఉంది. ఫిన్లండ్‌లో క్రిస్టీనా సాల్మివల్లి అనే పరిశోధకురాలు ఇలాంటి సంఘటనల్లో ఎవరెవరు ఏ పాత్ర పోషిస్తారో విడదీసి చూపించారు. ఏడిపించేవాడు ఒకడు, వాడికి చెయ్యి అందించేవాళ్ళు కొందరు, నవ్వి ఎగదోసేవాళ్ళు కొందరు, తప్పుకు తిరిగేవాళ్ళు కొందరు, అడ్డుపడేవాళ్ళు కొందరు. ఆ దేశంలో చాలా బడుల్లో నడిచే కివా అనే కార్యక్రమం దీని మీదే కట్టింది. నవ్వేవాళ్ళు నవ్వడం మానేస్తే ఏడిపించేవాడికి గిట్టుబాటు కాదు. చిన్నోడి క్లాస్ టీచర్ ఈ సిద్ధాంతమేమీ చదవలేదు గానీ, ఆవిడ చేసిన ఒక పని దీనికి దగ్గరగానే ఉంది. పేరు ఎత్తకుండా, క్లాసులో ఒక్కొక్కరి ఇంట్లో "ఎక్కడికి వెళ్తున్నావు" అనే మాట ఎలా అంటారో బోర్డు మీద రాయించారు. బోర్డు నిండింది. ఒక్కటీ పుస్తకంలో ఉన్నట్టు లేదు.

ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది

ఇప్పుడు అసలు ప్రశ్న. సెప్టెంబరు చివరికి బస్సులో అనడం బాగా తగ్గింది. కానీ చిన్నోడు మాట్లాడట్లేదు. "ఇప్పుడెవరూ అనట్లేదు కదరా, ఇంకెందుకు భయం? నువ్వు చాలా తెలివైనవాడివి, ధైర్యంగా ఉండాలి" అని ఇంట్లో రోజూ చెబుతున్నారు. లాభం లేదు.

ఎందుకు లేదో ఆల్బర్ట్ బాండ్యురా 1977లో రాసిన దాన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు. "ఈ పని నేను చెయ్యగలను" అన్న నమ్మకం నాలుగు దారుల్లో వస్తుందని ఆయన అన్నారు. స్వయంగా చేసి చూడటం, తనలాంటివాడు చెయ్యడం చూడటం, ఎవరో చెయ్యగలవని చెప్పడం, పని చేసేటప్పుడు ఒళ్ళు ఎలా ఉందన్నది. వీటిలో అన్నిటికన్నా బలమైనది మొదటిది. మాటలతో చెప్పడం వల్ల వచ్చే నమ్మకం బలహీనమైనది, ఒక్క చేదు అనుభవంతో కొట్టుకుపోతుంది. మన ఇళ్ళల్లో ఈ నాలుగిట్లో వాడేది ఆ ఒక్కటే. పది నెలలు "నువ్వు చెయ్యగలవు" అని చెప్పేకన్నా, పది సార్లు చేసేలా చూడటం మేలు. అంటే తల్లిదండ్రులు ఇవ్వాల్సింది ధైర్యం కాదు, వాడు గెలవగలిగినంత చిన్న పనులు.

దసరా సెలవల్లో నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు పిన్ని, నేను, చిన్నోడు కూర్చుని ఒక మెట్ల పట్టిక రాశాం. ఎవరితో, ఎక్కడ మాట్లాడాలంటే ఎంత భయం, సున్నా నుంచి పది దాకా వాడే అంకెలు వేశాడు. అమ్మమ్మకి ఫోన్‌లో వాయిస్ మెసేజ్ పంపడం: ఒకటి. అపార్ట్‌మెంట్ కింద కిరాణా కొట్లో అడిగి కొనడం: నాలుగు. సాయంత్రం పిల్లలతో షటిల్ ఆడటం: అయిదు. క్లాసులో ఒకణ్ణి ఆదివారం ఇంటికి పిలవడం: ఆరు. క్లాసులో చెయ్యెత్తి లెక్కకి జవాబు చెప్పడం: ఎనిమిది. తెలుగు పాఠం పైకి చదవడం: పది.

నియమం ఒకటే. ఒక మెట్టు మీద ఉన్న పని రోజూ చేస్తూ ఉండాలి. దాని అంకె రెండుకో మూడుకో దిగాకే పై మెట్టు. కొట్లో మొదటి రోజు వేలితో చూపించి పాల ప్యాకెట్ తెచ్చాడు. మూడో రోజు "పాల ప్యాకెట్" అన్నాడు. వారానికి "అంకుల్, కిందటిసారి రెండు రూపాయలు ఇవ్వాలి మీరు" అన్నాడు. చూస్తే నవ్వొస్తుంది గానీ వాడి లెక్కలో నాలుగు రెండయింది. అయిదో మెట్టుకి క్లాస్ టీచర్‌తో ముందే మాట్లాడుకున్నారు. ఫలానా రోజు ఫలానా లెక్క అడుగుతానని ఆవిడ వాడికి ముందే చెప్పారు, వాడు చేసుకుని వెళ్ళాడు.

ఆదివారం ఇంటికొచ్చిన స్నేహితుడి గురించి ఒక మాట. పదిమంది అక్కర్లేదు. ఒక్క మంచి స్నేహితుడున్న పిల్లల్లో ఏడిపించడం వల్ల జరిగే నష్టం తక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. చిన్నోడికి దొరికినవాడు క్యారమ్స్ ఆడటానికి వచ్చాడు. క్యారమ్స్‌లో పెద్దగా మాట్లాడక్కర్లేదు, గంట గడిచాక మాటలు వాటంతటవే వస్తాయి. పిన్ని ఈ మధ్యలో చేసింది పకోడీలు వేసి పక్కగదిలోకి వెళ్ళిపోవడమే.

జారిపడినప్పుడు

మెట్లు అనుకున్నంత నున్నగా ఉండవు. నవంబరులో ఒకరోజు తెలుగు టీచరు రాలేదు. బదులు వచ్చినాయన ఏమీ తెలియక చిన్నోడిని లేపి పాఠం చదవమన్నారు. అది పదో అంకె మెట్టు. రెండు వాక్యాలు చదివాడు, ఎవరో కిసుక్కుమన్నారు, వీడు కూర్చుండిపోయాడు. మర్నాడు పొద్దున్న మళ్ళీ కడుపునొప్పి. "నాను ఎల్లను" అన్నాడు.

ఇక్కడ పిన్ని చేసింది అందరూ తెలుసుకోదగ్గది. ఒక్కరోజు ఇంట్లో ఉంచేస్తే వాడికి వెంటనే హాయిగా ఉంటుంది. ఆ హాయే ప్రమాదం. బడికి వెళ్ళకపోతే భయం పోతుందని ఒళ్ళు నేర్చుకుంటుంది, రెండో రోజు వెళ్ళడం ఇంకా కష్టమవుతుంది. అలాగని ఈడ్చుకెళ్ళి వదిలేసినా లాభం లేదు. ఆవిడ క్లాస్ టీచర్‌కి ఫోన్ చేసి, జరిగింది చెప్పి, ఒక పీరియడ్ ఆలస్యంగా తనే తీసుకెళ్ళింది. ఆ వారం కొత్త మెట్టేదీ ఎక్కించలేదు. షటిల్, క్యారమ్స్ దగ్గరికే వెనక్కి వచ్చారు. మొదటికి రాలేదు, రెండు మెట్లు దిగారు, అంతే. బడిలో భద్రత ఏర్పాటు ముందే ఉంది కాబట్టి ఇలా పంపడం కుదిరిందని కూడా గుర్తుంచుకోవాలి. రోజూ వేధింపు జరుగుతున్న చోటికి "అలవాటవుతుందిలే" అని పంపడం వేరే సంగతి.

ఇంట్లో చెయ్యగలిగిన దానికి హద్దు కూడా ఉంది. రెండు మూడు వారాలైనా నిద్ర, తిండి సర్దుకోకపోతే, ఇష్టమైన ఆటలు కూడా వదిలేస్తే, ఒంటి మీద గాయాలు కనబడితే పిల్లల మానసిక నిపుణులకి చూపించాలి. "నేను లేకపోతేనే బాగుణ్ణు" లాంటి మాట ఒక్కసారి విన్నా ఆ రోజే చూపించాలి, ఒంటరిగా వదలకూడదు. టెలి మానస్ 14416, పిల్లల హెల్ప్‌లైన్ 1098, రెండూ ఉచితం. టెలి మానస్‌లో తెలుగులో మాట్లాడొచ్చు.

ఎక్కడిదాకా వచ్చింది

సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు చిన్నోడు అమ్మమ్మతో మునుపట్లా వాగుతూనే ఉన్నాడు. బడిలో "ఏంటి" అంటాడట, ఇంట్లో "ఏటి". అది వాడే ఎంచుకున్నాడు, ఎవరూ దిద్దలేదు. తెలుగు పాఠం పైకి చదవడానికి ఇంకా చెయ్యెత్తట్లేదు. ఆ అంకె పది నుంచి ఏడుకి దిగింది, అంతే. బస్సులో ఒకడు ఇప్పటికీ అప్పుడప్పుడు పాత పేరుతో పిలుస్తాడు. కాకపోతే ఈసారి చిన్నోడు ఆ సంగతి అదే రోజు సాయంత్రం ఇంట్లో చెప్పాడు. వాడి పక్కన కూర్చున్న స్నేహితుడు నవ్వలేదని కూడా చెప్పాడు. జనవరి చివరి పేరెంట్స్ మీటింగ్‌కి పిన్నే వెళ్ళింది. వాడే రమ్మన్నాడు.

మనం హాస్టళ్ళలో ఉంటాం. సెలవలకి ఇంటికెళ్ళినప్పుడు తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, మేనల్లుళ్ళు అమ్మానాన్నలకి చెప్పనివి మనకి చెబుతారు. మనం వాళ్ళకి పెద్దవాళ్ళమూ కాదు, చిన్నవాళ్ళమూ కాదు. ఈసారి వెళ్ళినప్పుడు మార్కుల గురించి కాకుండా, లంచ్‌లో ఎవరి పక్కన కూర్చుంటున్నావని అడగండి. జవాబు రావడానికి కాస్త సమయం పడితే తొందరపెట్టకండి.